త్రాసు, ఆరు డబ్బాలు, ఆరు కార్డులు: కంప్యూటర్ లేకుండా పిల్లలకు కంప్యూటర్ పాఠం

హోసూరులో మా సంఘం నడిపే ఆదివారం తెలుగు తరగతికి వచ్చే పిల్లలందరూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. బడిలో మాత్రం తమిళం, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు అక్షరాలు నేర్చుకునేది వారానికి రెండు గంటలు, మా దగ్గరే. ఆ రెండు గంటలకు కూడా పోటీ వచ్చింది. "ఆదివారం కంప్యూటర్ క్లాసులో చేరుస్తున్నాం, తెలుగు తరువాత చూసుకుంటాం" అని తల్లిదండ్రులు ఒకరి తరువాత ఒకరు చెప్పసాగారు. మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఉన్న పిల్లల్లో దాదాపు సగం మంది మానేశారు. వారిని తప్పుపట్టలేము. మా హాల్లో ఉన్న ఒక్క కంప్యూటరూ చందాల లెక్కలకు వాడేది. దాన్ని పదిమంది పిల్లల ముందు పెడితే ఒకరు మీట నొక్కుతారు, తొమ్మిదిమంది చూస్తారు.

అప్పుడు మా తరగతి చూసే బి.ఎడ్. విద్యార్థిని ఒక దారి చెప్పింది. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ బెల్, మరో ఇద్దరు ఆచార్యులు ఇయన్ విట్టెన్, మైక్ ఫెలోస్‌లతో కలిసి 1990లలో కంప్యూటర్ శాస్త్రాన్ని అసలు కంప్యూటరే లేకుండా ఆటలతో నేర్పే పాఠాలు తయారుచేశారు. వాటిని అన్‌ప్లగ్డ్ పాఠాలు అంటారు. కరెంటు ప్లగ్గు పెట్టే పని లేనివి అన్నమాట. మన 2020 జాతీయ విద్యా విధానం కూడా కంప్యూటేషనల్ థింకింగ్‌కు చిన్న తరగతుల నుంచే చోటివ్వాలని చెప్పింది. ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీసి, ఆ మెట్లను ఇంకొకరు తప్పు లేకుండా చేయగలిగేలా చెప్పడమే అందులో ముఖ్యమైన భాగం.

ఆ పాఠాల్లో ఒకటైన త్రాసు ఆటను మేము తెలుగులో ఆడించి చూశాము. దాన్ని ఎలా చేయాలి, ఎక్కడ చెడుతుంది, మన భాషతో దానికి ఎలా ముడిపడింది అన్నది ఇక్కడ రాస్తున్నాము. ఇతర ఊళ్లలోని సంఘాలు కూడా చేసి చూడవచ్చు.

కావలసిన సామాను

ఒకే రకం, ఒకే రంగు, మూత గట్టిగా పట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బాలు ఆరు కావాలి. లోపల ఉన్నది బయటికి కనిపించకూడదు. మొదటి డబ్బాలో ఒక పెద్ద చెంచా ఇసుక, రెండోదానిలో రెండు చెంచాలు, అలా ఆరోదానిలో ఆరు చెంచాలు పోయాలి. మేము మొదట చిన్న చెంచా వాడాము. తేడా చాలక త్రాసు ఎటూ మొగ్గలేదు. పెద్ద చెంచాకు మారాక స్పష్టంగా మొగ్గింది. ఇసుక పోశాక డబ్బా నిండేదాకా దూది కూరాలి. కూరకపోతే పిల్లలు డబ్బాను చెవి దగ్గర ఊపి, చప్పుడును బట్టి కనిపెట్టేస్తారు.

మూతల మీద అంకెలు గానీ అక్షరాలు గానీ రాయకూడదు. రాస్తే 1 అన్నదే తేలికది అనుకుంటారు. మేము బొమ్మలు అంటించాము: గంట, చేప, గొడుగు, ఆకు, బంతి, చెట్టు. అసలు చెంచాల లెక్క డబ్బా అడుగున రాసి, పైన కాగితం అంటించాలి. ఆట అయ్యాక ఆ కాగితం విప్పి వరుస సరిపోయిందో లేదో పిల్లలే చూసుకుంటారు.

త్రాసుకు బట్టలు తగిలించే హ్యాంగరు చాలు. దాని రెండు చివర్లకు సమానమైన దారాలతో రెండు కాగితపు కప్పులు కట్టి, నడిమి కొక్కేన్ని కిటికీ ఊచకు తగిలించాలి. ఒక కప్పుకు ఎర్ర కాగితం, ఇంకోదానికి నీలం కాగితం చుట్టాలి. ఖాళీ కప్పులతో హ్యాంగరు సమంగా నిలవకపోతే తేలిక వైపు కొద్దిగా బంకమట్టి అంటించాలి. ఈ పని మరిచిపోతే పాఠమంతా తప్పు తూకాల మీద నడుస్తుంది. పసిగట్టడం సులువే. రెండు డబ్బాలను కప్పులు మార్చి మళ్లీ తూచినప్పుడు ఫలితం తిరగబడితే త్రాసులోనే లోపం ఉంది.

నేల మీద సుద్దతో ఆరు గడులు గీసి 1 నుంచి 6 దాకా అంకెలు వేయాలి. ఒక బుట్ట, ఒక బల్ల ఉంటే సామాను పూర్తయినట్లే. ఒక త్రాసుకు నలుగురు పిల్లలు సరిపోతారు. ఒకరు తూచేవారు, ఒకరు కార్డు చదివేవారు, ఒకరు ప్రతి తూకానికీ ఒక గీత గీసి లెక్క పెట్టేవారు, ఒకరు నియమం తప్పకుండా చూసేవారు.

నియమం ఒక్కటే

ఆరు డబ్బాలను తేలిక నుంచి బరువుకు వరుసగా గడుల్లో పెట్టాలి. ఒకసారికి రెండింటిని మాత్రమే, అదీ త్రాసులోనే పోల్చాలి. చేత్తో బరువు అంచనా వేయకూడదు.

ఈ నియమం ఎందుకని పిల్లలు తప్పకుండా అడుగుతారు. మా దగ్గర ఒక నాలుగో తరగతి అబ్బాయి, "చేత్తో పట్టుకుంటే నాకు తెలిసిపోతుంది కదా తాతా" అన్నాడు. నిజమే, ఆరు డబ్బాలైతే తెలుస్తుంది. మన కన్ను, చేయి ఒకేసారి చాలా వాటిని కలిపి చూస్తాయి. కంప్యూటర్‌కు ఆ చూపు లేదు. వేలకొద్దీ పేర్లు వరుసలో పెట్టాలన్నా అది మామూలుగా చేసేది రెండు పేర్లు పక్కపక్కన ఉంచి ఏది ముందు అని చూడడమే. ఆ చిన్న పనిని ఏ క్రమంలో చేయించాలో మనిషే చెప్పాలి. త్రాసు ఆ స్థితిని పిల్లవాడి చేతికి ఇస్తుంది.

మొదటి పద్ధతి: తేలికదాన్ని వెతకడం

పిల్లలను వారి దారిన వదిలేస్తే మొదట చిందరవందరగా తూస్తారు. ఒకే జతను రెండుసార్లు తూస్తారు. లెక్క పెట్టే పిల్ల గీతలు ఇరవై దాటాక "ఇలా కాదు" అని వారిలోనే ఎవరో అంటారు. అక్కడి నుంచి పాఠం మొదలవుతుంది. చాలామంది తమంతట తాము చేరుకునే పద్ధతి ఇది: ముందు అన్నింట్లో తేలికదాన్ని పట్టుకో, దాన్ని 1వ గడిలో పెట్టు, మిగిలినవాటిలో మళ్లీ తేలికదాన్ని పట్టుకో.

ఒక ఆదివారం బల్ల మీద డబ్బాలు ఈ వరుసలో ఉన్నాయి: గంట, చేప, గొడుగు, ఆకు, బంతి, చెట్టు. గంట, చేప తూస్తే చేప తేలిక. చేపను ఉంచుకుని గొడుగుతో తూస్తే మళ్లీ చేపే. ఆకుతో తూస్తే ఆకు తేలిక. ఇక ఆకును ఉంచుకుని బంతితో, చెట్టుతో తూస్తే రెండుసార్లూ ఆకే. ఐదు తూకాలతో తేలికది ఆకు అని తేలింది. మిగిలిన ఐదింటిలో తేలికదానికి నాలుగు తూకాలు, తరువాత మూడు, రెండు, ఒకటి. మొత్తం పదిహేను. డబ్బాలు ఏ వరుసలో ఉన్నా ఈ పద్ధతిలో లెక్క పదిహేనే వస్తుంది. "ఇంకోలా పెడితే తగ్గుతుందేమో" అని పిల్లలు రెండు మూడుసార్లు మార్చి చూసి, మారలేదని వారే ఒప్పుకున్నారు.

కార్డు రాయడం, తెలియనివారికి ఇవ్వడం

పద్ధతి దొరికాక దాన్ని కార్డుల మీద రాయాలి. ఒక కార్డుకు ఒక మెట్టు. ఆ కార్డులను ఆట చూడని ఇంకో పిల్లవాడికి ఇచ్చి చేయించాలి. డబ్బాలను ఎందుకు తూస్తున్నామో అతనికి చెప్పకూడదు. రాసినవారు పక్కన నిలబడి చూడవచ్చు, నోరు మాత్రం విప్పకూడదు. పాఠం మొత్తంలో పిల్లలకు కష్టమనిపించేది ఈ మౌనమే. అసలు చదువు జరిగేదీ ఇక్కడే.

మా పిల్లల మొదటి కార్డులు మూడే:

1. రెండు డబ్బాలు తూకం వెయ్యి.
2. తేలికదాన్ని పక్కన పెట్టు.
3. అలాగే చెయ్యి.

పక్క గది నుంచి ఒక ఐదో తరగతి అమ్మాయిని పిలిచాము. రెండు డబ్బాలు తూచి, తేలికదాన్ని తీసి బల్ల చివర పెట్టింది. ఇంకో రెండు తూచి, అందులో తేలికదాన్నీ అక్కడే పెట్టింది. మూడో జతనూ అలాగే చేసింది. బల్ల చివర మూడు డబ్బాలు, ఇటు మూడు డబ్బాలు. "అయిపోయింది" అని చేతులు దులుపుకుంది. రాసిన పిల్లలు గోల చేశారు. కార్డును మళ్లీ చదివించాము. ఆమె చేసినదాంట్లో కార్డుకు విరుద్ధమైనది ఒక్కటీ లేదు.

తప్పు రెండు చోట్ల ఉంది. "పక్కన పెట్టు" అంటే తెలుగులో రెండు అర్థాలు. ఒకటి, దేని పక్కనో చేర్చి ఉంచు అని. రెండోది, దీని పని అయిపోయింది, తీసి అవతల పెట్టు అని. రాసినవారి మనసులో ఉన్నది, తేలికదాన్ని చేతిలో ఉంచుకుని తరువాతిదానితో తూచాలని. అది ఆ రెండు అర్థాల్లోనూ లేదు. ఇక "అలాగే చెయ్యి" అన్నప్పుడు ఎక్కడి నుంచి, దేనితో, ఎప్పటిదాకా అన్నది చెప్పలేదు. మనం ఇంట్లో రోజూ ఇలాగే చెబుతాము. వినేవారికి మన ఉద్దేశం ముందే తెలుసు కాబట్టి పని జరుగుతుంది. ఉద్దేశం తెలియనివారి చేతికి వెళితే మాట ఒక్కటే మిగులుతుంది. కంప్యూటర్‌కు రాసే ప్రోగ్రామ్‌లో తప్పులు దొర్లేది కూడా తరచుగా ఇక్కడే.

రెండోసారి రాసిన కార్డుల్లో ఇంకో చిక్కు వచ్చింది. "కుడి కప్పు", "ఎడమ కప్పు" అని రాశారు. మా పిల్లల్లో కొందరికి ఈ మాటలు తడబడతాయి. బడిలో నేర్చుకునేది తమిళంలో వలదు, ఇడదు. కుడి కప్పు అన్నచోట ఒకడు "వలదు" అని గట్టిగా చెప్పుకుంటుంటే, పక్కనున్న పెద్దాయన "వద్దంటావేమిరా?" అన్నారు. తమిళంలో అది కుడి, మనకు అది వద్దు. నవ్వుకున్నాక, కుడి ఎడమల స్థానంలో రంగులు, అంకెలు వాడుదామని పిల్లలే నిర్ణయించారు. ఎర్ర కప్పు, నీలం కప్పు, గడుల అంకెలు వచ్చింది అలాగే. త్రాసుకు ఎదురుగా నిలబడితే కుడి ఎడమలు తారుమారయ్యే బాధ కూడా దీంతో పోయింది.

చివరి డబ్బా దగ్గర ఆగిపోయిన కార్డు

మూడోసారి రాసిన కార్డులు దాదాపు సరిగ్గా ఉన్నాయి. ఒక డబ్బా ఎర్ర కప్పులో, ఇంకోటి నీలం కప్పులో పెట్టు. తేలికదాన్ని ఎర్ర కప్పులో ఉంచి, బరువుదాన్ని బుట్టలో వెయ్యి. బల్ల మీద ఇంకా డబ్బాలు ఉంటే మళ్లీ నీలం కప్పులో ఇంకోటి పెట్టు, లేకపోతే ఎర్ర కప్పులోదాన్ని గడిలో పెట్టు. బుట్టలోవి మళ్లీ బల్ల మీదికి తీసి మొదటి కార్డుకు వెళ్లు. ఒక మూడో తరగతి పిల్లవాడు ఐదు గడులు చక్కగా నింపాడు. చివరికి ఒక్క డబ్బా మిగిలింది. దాన్ని ఎర్ర కప్పులో పెట్టాడు. తరువాతి కార్డు "ఇంకో డబ్బాను నీలం కప్పులో పెట్టు" అంది. బల్ల మీద డబ్బా లేదు. చేయి చాచి అలాగే నిలబడిపోయాడు.

ఐదుసార్లు సరిగ్గా పనిచేసిన కార్డులు ఆరోసారి ఎందుకు ఆగాయి? "డబ్బా ఉందా" అన్న ప్రశ్న డబ్బా తీసుకోమన్న మాటకు తరువాత వచ్చింది, అందుకని. ముందు అడిగి, ఉంటేనే తీసుకోమనాలి. పిల్లలు కొత్తగా ఏమీ రాయలేదు, ప్రశ్న కార్డును పైకి జరిపారు, అంతే. ఇప్పుడు మేము వాడుతున్న ఆరు కార్డులు ఇవి:

1. బల్ల మీద నుంచి ఒక డబ్బా తీసి ఎర్ర కప్పులో పెట్టు.
2. బల్ల మీద ఇంకా డబ్బా ఉందా? ఉంటే 3వ కార్డు చదువు. లేకపోతే 5వ కార్డు చదువు.
3. బల్ల మీద నుంచి ఒక డబ్బా తీసి నీలం కప్పులో పెట్టు.
4. పైకి లేచిన కప్పులోని డబ్బా ఎర్ర కప్పులో ఉండాలి. రెండో డబ్బాను బుట్టలో వెయ్యి. 2వ కార్డు చదువు.
5. ఎర్ర కప్పులోని డబ్బాను ఖాళీగా ఉన్న మొదటి గడిలో పెట్టు.
6. బుట్టలో డబ్బా ఉందా? ఉంటే బుట్టలోవన్నీ బల్ల మీద పెట్టి 1వ కార్డు చదువు. లేకపోతే ఆపు.

మీరూ ఆరు కాగితపు ముక్కల మీద అంకెలు వేసుకుని వీటిని నడిపి చూడండి. ఆరింటికీ పనిచేస్తాయి, పదింటికీ పనిచేస్తాయి, ఒక్క డబ్బాకూ పనిచేస్తాయి. పదింటికైతే గడులు పది గీయాలి, అంతే తేడా. ఒక్క డబ్బాతో పరీక్షించడం పిల్లలకు తమాషాగా ఉంటుంది గానీ, మూడోసారి కార్డుల్లోని తప్పు ఆ పరీక్షతో మొదటి నిమిషంలోనే బయటపడి ఉండేది. అందుకని ఇప్పుడు కొత్త కార్డులు ఏవి రాసినా ముందు ఒక్క డబ్బాతో, తరువాత రెండింటితో, ఆపైన ఆరింటితో నడిపిస్తున్నాము.

రెండో పద్ధతి: నడిమిదాన్ని పట్టుకుని చీల్చడం

పదిహేను తూకాలను తగ్గించవచ్చా అని అడిగి, ఒక వారం ఆలోచించుకోమన్నాము. మేము ఉద్యోగంలో ఉన్న రోజుల్లో వచ్చిన టపాలు నంబరు వరుసలో సర్దేటప్పుడు, ఒక్కొక్కదానికీ కట్టంతా వెతికేవాళ్లం కాదు. ఒక నంబరు అనుకుని అంతకు తక్కువవి ఒక కట్ట, ఎక్కువవి ఒక కట్ట చేసి, తరువాత ఒక్కో కట్టను సర్దేవాళ్లం. త్రాసుతోనూ అదే చేయవచ్చు.

ఏదో ఒక డబ్బాను ఎంచుకుని, మిగిలిన ఐదింటినీ దానితోనే తూచాలి. తేలికవి ఒక వైపు, బరువైనవి ఇంకో వైపు. పిల్లలు గంటను ఎంచుకున్నారు. ఐదు తూకాల్లో చేప, ఆకు, చెట్టు తేలిక వైపు చేరాయి. గొడుగు, బంతి బరువు వైపు చేరాయి. గంట స్థానం అప్పుడే ఖాయమైంది, 4వ గడి. తేలిక వైపున్న మూడింటిలో చేపను ఎంచుకుని రెండు తూకాలు వేస్తే ఆకు దానికంటే తేలిక, చెట్టు దానికంటే బరువు. ఆ మూడూ తేలిపోయాయి. బరువు వైపున్న రెండింటికి ఒక్క తూకం. ఐదు, రెండు, ఒకటి కలిపి ఎనిమిది. పదిహేను ఎనిమిదికి దిగింది.

సంబరం ఎక్కువసేపు నిలవలేదు. ఇంకో జట్టు మొదట ఆకును ఎంచుకుంది. అది అన్నిటికంటే తేలిక కాబట్టి ఐదు తూకాల తరువాత తేలిక వైపు ఖాళీ, బరువు వైపు ఐదూ. ఆ తరువాత కూడా ప్రతిసారీ చివరిదే చేతికి వస్తే మళ్లీ పదిహేనే. మొదటి పద్ధతి ఎప్పుడూ పదిహేను. రెండోది ఎనిమిది నుంచి పదిహేను మధ్య ఎక్కడైనా ఆగుతుంది. ఆరింటితో ఈ తేడా చిన్నదే. వంద పేర్లు వరుసలో పెట్టాలంటే మొదటి పద్ధతికి 4,950 పోలికలు కావాలి. రెండో పద్ధతికి సగటున 650 దాకా సరిపోతాయి.

ఈ రెండో పద్ధతిని కంప్యూటర్‌కు కనిపెట్టింది టోనీ హోర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త. ఆయన 1959లో మాస్కో విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్నప్పుడు, రష్యన్ వాక్యాలను యంత్రంతో ఇంగ్లీషులోకి మార్చే పని మీద ఆలోచిస్తున్నారు. నిఘంటువు అక్షర క్రమంలో టేపు మీద ఉంది. వాక్యంలోని మాటలను కూడా ముందుగా అదే క్రమంలో పెట్టుకుంటే టేపును ఒక్కసారి నడిపితే చాలు. ఆ అవసరం నుంచి పుట్టి 1961లో ప్రచురితమైన పద్ధతి పేరు క్విక్‌సార్ట్. రెండు భాషల మధ్య నిలబడిన మనిషికి మాటలను వరుసలో పెట్టాల్సిన అవసరం వచ్చి ఇది పుట్టిందని చెప్పగానే, మా పిల్లలు డబ్బాలు వదిలి మాటల వైపు తిరిగారు.

ఒక్క కార్డు మారిస్తే అక్షరమాల

డబ్బాల చోట ఆరు చీటీలు పెట్టాము: కోడి, ఉడత, పిల్లి, ఆవు, కాకి, ఇల్లు. కప్పుల చోట ఎర్ర పళ్లెం, నీలం పళ్లెం. కార్డుల్లో డబ్బా అన్నచోట చీటీ, కప్పు అన్నచోట పళ్లెం అని మార్చారు. పని విధానం మారింది 4వ కార్డులో మాత్రమే: "రెండు మాటల్లో అక్షరమాలలో ముందు వచ్చే చీటీ ఎర్ర పళ్లెంలో ఉండాలి. రెండో చీటీని బుట్టలో వెయ్యి. 2వ కార్డు చదువు." మిగిలిన ఐదు కార్డులూ ఉన్నవి ఉన్నట్లే నడిచాయి. చివరికి గడుల్లో ఆవు, ఇల్లు, ఉడత, కాకి, కోడి, పిల్లి వరుసగా నిలిచాయి. తూకానికి రాసిన పద్ధతి మాటలకూ పనికొచ్చిందని తెలిసినప్పుడు, పోల్చే పని వేరు, వరుసలో పెట్టే పని వేరు అని పిల్లలకు మేము వివరించాల్సిన అవసరం రాలేదు.

ఇక్కడ త్రాసు లేదు, కాబట్టి ఏది ముందో పిల్లలకే తెలియాలి. క, ఖ, గ, ఘ తరువాత తడుముకునేవారు మా దగ్గర ఎక్కువ. గోడ మీద అక్షరమాల పటం తగిలించి, చూడవచ్చు అన్నాము. కాకి, కోడి వచ్చినప్పుడు మొదటి హల్లు ఒకటే. అప్పుడు గుణింతం చూడాలి, కా ముందు, కో వెనుక. మొదటి అక్షరం గుణింతంతో సహా ఒకటే అయితే రెండో అక్షరానికి వెళ్లాలి. ఆరు చీటీలకు పదిహేనుసార్లు పోల్చాలి. తెలియనివారు ఆ పదిహేనుసార్లూ పటం దగ్గరికి వెళ్లి వచ్చారు. వల్లె వేయమంటే పారిపోయే పిల్లలు, గీతల లెక్క తగ్గించాలన్న పట్టుదలతో అక్షరాల వరుసను వెతుక్కున్నారు. సున్న ఉన్న మాటలు మాత్రం మొదట్లో పెట్టకండి. వాటిని ఎక్కడ చేర్చాలన్నది అన్ని నిఘంటువుల్లో ఒకేలా ఉండదు, పిల్లలు అనవసరంగా తికమకపడతారు.

దీనితో కానివి

ఈ ఆట అక్షరాలు నేర్పదు. అక్షరం గుర్తుపట్టలేని పిల్ల చీటీ మీది ఆకారాన్ని పటం మీది ఆకారంతో సరిచూసి వరుసలో పెట్టగలదు గానీ, మాటను చదివినట్లు కాదు. చదివిందో లేదో తెలియాలంటే, గడిలో పెట్టేముందు మాటను పైకి చెప్పమనాలి. అలాగే దీన్ని ప్రోగ్రామింగ్ అని తల్లిదండ్రులకు చెప్పకూడదు. మీట నొక్కడం, తెర మీద చూడడం ఇందులో లేవు. మేము ఉన్నదున్నట్లు చెప్పి, ఒక ఆదివారం తల్లిదండ్రులనే త్రాసు ముందు నిలబెట్టి, పిల్లలు రాసిన కార్డులు వారి చేతికిచ్చాము. ఒక తండ్రి మధ్యలో కార్డు వదిలేసి సొంత తెలివితో తూచబోతే, ఆయన కూతురే "కార్డులో ఉన్నదే చెయ్యి నాయనా" అని ఆపింది.

మానేసిన పిల్లల్లో కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. వచ్చినవారు ఇప్పుడు ఐదు నిమిషాల పనులకు కార్డులు రాస్తున్నారు. గంట తరువాత ఇల్లు చేరాక అమ్మతోనో, అవ్వతోనో వాటిని నడిపిస్తున్నారు. అవ్వకు కార్డు చదివి వినిపించాలంటే తెలుగు చదవాలి. అవ్వకు అర్థం కావాలంటే ఇంట్లో వాడే మాటే రాయాలి.

మీ ఊళ్లో చేసేటప్పుడు మా కార్డులను యథాతథంగా తీసుకోకండి. బళ్లారి పిల్లలకు కన్నడం, షోలాపూర్ పిల్లలకు మరాఠీ, బరంపురం పిల్లలకు ఒడియా బడి భాషలు. మాకు "వలదు" దగ్గర తగిలిన దెబ్బ మీకు ఇంకో మాట దగ్గర తగులుతుంది. మొదటి కార్డులు పిల్లలనే రాయనివ్వండి, తప్పు పోనివ్వండి, తెలియని పిల్లవాడి చేతికి ఇచ్చి మీరూ మౌనంగా చూడండి. సామానుకు పెద్ద ఖర్చు లేదు. ఇసుక పోసేముందు బాగా ఎండబెట్టడం మాత్రం మరిచిపోకండి. తడి ఇసుక ఆరి బరువు తగ్గితే, వరుస అడుగున రాసిన లెక్కతో సరిపోకపోవచ్చు.